"ఇల్లు మీకివ్వలేకపోతున్నాం" అని రాయడానికి నాకు వారం పట్టింది

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా పాత ఇంటిని కిందటి జూన్‌లో మొదటిసారి అద్దెకిచ్చాం. మేం సెలీనాలో కొత్తింటికి మారాం. పాతింటిని అమ్మబుద్ధి కాలేదు. మూడు బెడ్‌రూములు, పైన ఒక గది, వెనక చిన్న స్విమ్మింగ్ పూల్, అద్దె నెలకు 2,900 డాలర్లు. ఇల్లు చూపించడం, కాగితాలు పరిశీలించడం, లీజు రాసుకోవడం, ఇవేవీ అనుకున్నంత కష్టం కాలేదు. నాకు నిద్ర లేకుండా చేసింది ఒక్కటే. చివరిదాకా వచ్చిన ముగ్గురిలో ఇద్దరికి కాదని చెప్పాలి. అందులో ఒకరు మన తెలుగువాళ్ళు. మా ఇంటి వంటగదిలో నిలబడి మాతో టీ తాగి వెళ్ళినవాళ్ళు.

తొమ్మిది కుటుంబాలు ఇల్లు చూశాయి. ముగ్గురు అప్లికేషన్ పూర్తిగా నింపి, జీతం కాగితాలు జతచేసి, 45 డాలర్ల ఫీజు కట్టారు. ఒంటరిగా ఉండే ఒక కుర్రాడిది శుక్రవారం వచ్చింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే, పిల్లల్లేని ఒక జంటది శనివారం సాయంత్రం 6:42కి వచ్చింది. తెలుగు కుటుంబానిది ఆదివారం పదకొండు గంటలకు వచ్చింది. ఈ టైములు నాకింకా గుర్తున్నాయంటే కారణం ఉంది. ఆ వారంలో నన్ను కాపాడింది అవే.

మా రియల్టర్ కూడా తెలుగావిడే. ఇల్లు లిస్ట్ చేసే ముందే ఆవిడ నా చేత ఒక పేజీ కాగితం రాయించారు. నెల ఆదాయం అద్దెకు మూడు రెట్లు, అంటే 8,700 డాలర్లు ఉండాలి. క్రెడిట్ స్కోరు 650కి తగ్గకూడదు. ఇంతకుముందు అద్దెకున్నచోట బాకీ ఉండకూడదు. నేర చరిత్ర ఎలా చూస్తామో, అప్లికేషన్‌లో తప్పుడు వివరాలిస్తే ఏం చేస్తామో కూడా అందులోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం చివర్లో ఉంది: పూర్తిగా నింపిన అప్లికేషన్లను వచ్చిన వరసలో చూస్తాం, షరతులన్నీ సరిపోయిన మొదటివారికి ఇస్తాం. అప్లికేషన్ ఇచ్చేటప్పుడే ఈ కాగితం అందరికీ ఇచ్చి, చదివామని సంతకం తీసుకున్నాం. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం ఓనర్ ఈ షరతుల్ని ముందే అందుబాటులో ఉంచాలి. ఉంచకుండా ఎవర్నైనా కాదంటే వాళ్ళ అప్లికేషన్ ఫీజు వెనక్కివ్వాలి. వచ్చిన వరసలోనే ఇవ్వాలని మాత్రం చట్టం ఎక్కడా అనదు. అది మేం పెట్టుకున్న పద్ధతి. కానీ ఒకసారి కాగితం మీద పెట్టాక మా మనసుకు నచ్చినవాళ్ళ కోసం దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

మొదట కుర్రాడి సంగతి. చాలా మర్యాదస్తుడు. ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు చెప్పకుండానే బూట్లు విప్పి లోపలికొచ్చాడు. క్రెడిట్ రిపోర్ట్ తెప్పిస్తే స్కోరు 588, పాత అపార్ట్‌మెంట్ వాళ్ళ బాకీ ఒకటి కలెక్షన్స్‌లో ఉంది. మా షరతుల్లో రెండు తప్పాయి. నాకు జాలేసి రియల్టర్ గారిని అడిగాను, "రెండింతలు డిపాజిట్ తీసుకుని ఇచ్చేద్దామా?" అని. ఆవిడ రెండు విషయాలు చెప్పారు. డిపాజిట్ పెంచే వెసులుబాటు మా కాగితంలో లేదు. ఒకరికి ఇస్తే అదే పరిస్థితిలో ఉన్న ఇంకొకరికీ ఇవ్వాలి. ఇక రెండోది, క్రెడిట్ రిపోర్ట్ చూసి ఎక్కువ డిపాజిట్ అడిగినా, హామీ సంతకం అడిగినా చట్టం దృష్టిలో అది కూడా కాదన్నట్టే లెక్క. అప్పుడు కూడా నోటీసు ఇవ్వాల్సిందే.

ఆ నోటీసు గురించి నాకు అప్పటిదాకా తెలీదు. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం ఉంది. మనం కాదనడానికి క్రెడిట్ రిపోర్ట్ కొంచెం కారణమైనా సరే, ఆ మనిషికి అడ్వర్స్ యాక్షన్ నోటీసు పంపాలి. రిపోర్ట్ ఇచ్చిన కంపెనీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు అందులో ఉండాలి. నిర్ణయం తీసుకున్నది ఆ కంపెనీ కాదని, ఎందుకు కాదన్నారో వాళ్ళు చెప్పలేరని రాయాలి. 60 రోజుల్లోపు అడిగితే ఆ రిపోర్ట్ కాపీ ఉచితంగా ఇస్తారని, తప్పులుంటే అభ్యంతరం చెప్పే హక్కు ఉందని చెప్పాలి. స్కోరు చూసి కాదంటే ఆ స్కోరెంత, ఏ తేదీది, ఎంత నుంచి ఎంత వరకు ఉండే స్కోరు, దాన్ని తగ్గించిన ముఖ్య కారణాలేమిటి అన్నవీ ఇవ్వాలి. స్కోరు వివరాలు మాత్రం రాసే ఇవ్వాలి, మిగతావి నోటితో చెప్పినా చెల్లుతుందట. కానీ రేపు "నాకు చెప్పనే లేదు" అంటే చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అందుకే కాగితం మీదే ఇచ్చాం.

చదివినప్పుడు ఇదంతా చాలా కఠినంగా అనిపించింది. మర్యాదగా వచ్చిన కుర్రాడికి ఇలాంటి పత్రం పంపడమా అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇది ఆ కుర్రాడి మేలు కోసమే ఉన్న పత్రమని. ఆ బాకీ ఒకవేళ వేరేవాళ్ళదై, పొరపాటున ఇతని పేరు మీద పడి ఉంటే, ఈ నోటీసు లేకపోతే అతనికి తెలిసేదెలా? నోటీసు పైన నాలుగు మాటలు నేను సొంతంగా రాశాను. అప్లికేషన్ పెట్టినందుకు కృతజ్ఞతలు, మా షరతుల్లో స్కోరు, పాత అద్దె బాకీ అనే రెండిటి దగ్గర సరిపోలేదు, వివరాలు కింద నోటీసులో ఉన్నాయి, రిపోర్టులో ఏదైనా తప్పుగా ఉందనిపిస్తే ఆ నంబరుకి తప్పకుండా ఫోన్ చేయండి అని. "మీరు డబ్బు విషయంలో జాగ్రత్తగా ఉండాలి" లాంటి సలహాలు రాయలేదు. అతను మర్నాడే ఒక్క లైను జవాబిచ్చాడు, స్పష్టంగా చెప్పినందుకు థాంక్స్ అని.

ఇక తెలుగు కుటుంబం. భార్యాభర్తలు, రెండేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు. ఇల్లు చూసిన రోజు ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళు ఉంటున్న అపార్ట్‌మెంట్ లీజు ఆ నెలాఖరుకి అయిపోతోంది. పాప మా వంటింటి గట్టు పట్టుకుని నిలబడి బిస్కెట్ తింటుంటే, అత్తగారు వెనక తలుపు అద్దంలోంచి పూల్ వంక చూస్తూ "నీళ్ళు ఎంత లోతమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న నా మనసులో ఉండిపోయింది.

ఆదివారం వాళ్ళ అప్లికేషన్ రాగానే నేను చేసిన పని ఒకటి మంచిదైంది. వెంటనే మెసేజ్ పెట్టాను: మీ అప్లికేషన్ పూర్తిగా అందింది, మీకంటే ముందు రెండున్నాయి, వరసలో చూస్తున్నాం, శుక్రవారం సాయంత్రంలోపు అవునో కాదో చెప్తాం, ఈలోపు వేరే ఇళ్ళు చూడటం ఆపకండి. టెక్సాస్‌లో పూర్తి అప్లికేషన్ ఇచ్చిన ఏడో రోజులోపు ఒప్పుకున్నట్టు ఓనర్ చెప్పకపోతే, కాదన్నట్టే లెక్క. అంటే చట్టప్రకారం నేను నోరు మూసుకుని కూర్చున్నా సరిపోయేది. కానీ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాల్సినవాళ్ళని ఏడు రోజులు ఎదురుచూపుల్లో పెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు.

మంగళవారం ఆ జంట రిపోర్ట్ వచ్చింది. అన్నీ సరిపోయాయి. బుధవారం వాళ్ళకి సరేనన్నాం. బుధవారం రాత్రే నేను తెలుగు కుటుంబానికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. ఇంగ్లీషులో రాసినా మనసులో తెలుగే ఉంది. బాధ కలగకూడదని, వాళ్ళ మంచి కోరే చెప్తున్నట్టు ఉండాలని రాశాను. పంపే ముందు రియల్టర్ గారికి చూపించాను. ఆవిడ పది నిమిషాల్లో ఫోన్ చేసి, "ఇది పంపలేదు కదా?" అన్నారు. గొంతులో కంగారు వినిపించింది.

నేను ప్రేమగా రాసిన మూడు వాక్యాల కింద ఆవిడ గీతలు గీశారు.

మొదటిది: "పాప ఇంకా చిన్నది, వెనక పూల్ ఉంది కాబట్టి మీకు ఈ ఇల్లు అంత క్షేమం కాదేమో అనిపించింది." ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ 1968 నాటిది. 18 ఏళ్ళలోపు పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు కాదనకూడదని 1988లో దానికి చేర్చారు. పూల్ ఉన్న ఇంట్లో పాపతో ఉండాలా వద్దా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవాల్సింది. ఓనర్ వాళ్ళ తరఫున తేలిస్తే అది వివక్ష అవుతుంది. పైగా ఇల్లు వెళ్తున్నది పిల్లల్లేని జంటకి. ఈ వాక్యం చేతిలో పెట్టుకుని ఎవరు చూసినా పాప ఉందనే కాదన్నారని అనుకుంటారు.

రెండోది: "అత్తగారికి మోకాళ్ళ నొప్పులని చెప్పారు, పై గదికి మెట్లెక్కడం కష్టం కదా." వైకల్యం కారణంగా కాదనడం కూడా అదే చట్టంలో నిషేధం. మోకాళ్ళ నొప్పి ఆ కోవలోకి వస్తుందో రాదో అని నేను వాదించబోయాను. "అది తేల్చాల్సిన అవసరం మీ ఉత్తరం వల్ల ఎందుకు రావాలి?" అన్నారావిడ.

మూడోది నాకు అన్నిటికన్నా అమాయకంగా తోచిన వాక్యం: "మనవాళ్ళు కాబట్టి మీకే ఇవ్వాలని మాకూ ఉండింది." పుట్టిన దేశాన్ని బట్టి, జాతిని బట్టి, మతాన్ని బట్టి ఒకరివైపు మొగ్గుతున్నామని తెలిపే మాటను ఆ చట్టం ఒప్పుకోదు. కాదన్నది మనవాళ్ళనే అయినా ఆ వాక్యం బయటికెళ్తే మిగతా ఇద్దరికీ, నన్ను అడిగి వెనక్కెళ్ళిన మిగతావాళ్ళకీ ఏం చెప్తాను? ఈ ఇంట్లో మొదట్నుంచీ ఒక మొగ్గు ఉందని నా చేత్తోనే రాసిచ్చినట్టు.

నేను ఒక మాట విన్నాను, ఒకటి రెండు ఇళ్ళున్న మామూలు ఓనర్లకి ఈ చట్టం వర్తించదని. అదే అన్నాను. కొంతవరకు నిజమేనట. మూడు ఇళ్ళకి మించి లేని ఓనరు, విడి ఇంటిని బ్రోకర్ లేకుండా తానే అద్దెకిచ్చుకుంటే కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. మేం రియల్టర్ ద్వారా ఇచ్చాం కాబట్టి అది మాకు లేదు. ఆ మినహాయింపు ఉన్నవాళ్ళకి కూడా, వివక్ష తెలిపే ప్రకటనలు, మాటల మీద ఉన్న నిషేధం అలాగే ఉంటుంది. అంటే ఇల్లు ఎవరికిచ్చామన్నదాని కంటే కూడా ఏమని చెప్పి కాదన్నామన్నది ముందు పట్టుకుంటుందన్నమాట.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. "నిజం చెప్పండి. వాళ్ళ అప్లికేషన్ శనివారం ఆరింటికి వచ్చుంటే, పూల్ గురించి ఇంత ఆలోచన ఉండి కూడా వాళ్ళకే ఇచ్చేవారా?" నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పూల్ చుట్టూ తాళంతో ఉన్న కంచె ఉంది, అది అద్దెకొచ్చిన ఎవరికైనా చూపించేదే. వాళ్ళదే ముందొస్తే, షరతులు సరిపోతే వాళ్ళకే లీజు రాసేవాళ్ళం. అవునని చెప్పగలిగాను. "అయితే ఆ ఒక్క కారణమే రాయండి. అది నిజమైన కారణం కాకపోయుంటే ఎంత మంచి ఉత్తరమైనా మిమ్మల్ని కాపాడదు," అన్నారు.

ఇంకో సంగతి, తొందరపడి గురువారమే పంపొద్దన్నారు. జంట సరేనన్నారు కానీ లీజు మీద సంతకం పెట్టలేదు, డిపాజిట్ కట్టలేదు. వాళ్ళు చివర్లో వెనక్కెళ్తే తెలుగు కుటుంబానిదే తర్వాతి వంతు. "ఇల్లు వెళ్ళిపోయింది" అని రాసి, మళ్ళీ రెండ్రోజులకి "ఉంది" అంటే మన మాట మీద నమ్మకం పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సంతకాలయ్యాయి, డబ్బు పడింది. నాలుగింటికి మెయిల్ పంపాను. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"నమస్కారం. మా ఇంటి కోసం అప్లికేషన్ పెట్టి, అడిగిన కాగితాలన్నీ వెంటనే పంపినందుకు కృతజ్ఞతలు. ఇంటిని ఈ రోజు వేరేవారికి లీజుకిచ్చాం, కాబట్టి మీకు ఇవ్వలేకపోతున్నాం. పూర్తి అప్లికేషన్లను వచ్చిన వరసలో చూసి, షరతులన్నీ సరిపోయిన మొదటివారికి ఇస్తామని మీకిచ్చిన కాగితంలో ఉంది. మీకంటే ముందు వచ్చిన ఒక అప్లికేషన్ ఆ షరతులకు సరిపోయింది. మీ వంతు రాలేదు కాబట్టి మీ క్రెడిట్ రిపోర్ట్ మేం తెప్పించలేదు. మీరు కట్టిన 45 డాలర్లు ఈ రోజే వెనక్కి పంపాం. మీ లీజు నెలాఖరుకి అయిపోతుందన్నారు, అందుకే సంతకాలు కాగానే రాస్తున్నాం. మీకు అనువైన ఇల్లు త్వరగా దొరకాలని కోరుకుంటున్నాం."

రెండో వాక్యంలోనే కాదని చెప్పేశాను. ముందు రాసిన ఉత్తరంలో ఆ మాట నాలుగో పేరాలో ఉంది. చదివేవాళ్ళు అక్కడిదాకా వచ్చేసరికి ఇల్లు తమకే వచ్చిందేమో అని ఆశపడేలా ఉంది. "దురదృష్టవశాత్తూ", "ఎంతో బాధతో" లాంటి మాటలు తీసేశాను. నా బాధ వాళ్ళ మీద పెట్టడం ఎందుకనిపించింది. "ఇంకెప్పుడైనా ఖాళీ అయితే ముందు మీకే చెప్తాం" అని కూడా రాయాలనిపించింది. అది కూడా తీసేశాను. వచ్చే ఏడాది ఖాళీ అయితే మళ్ళీ అందరికీ ఒకటే వరస. నిలబెట్టుకోలేని మాట ఇప్పుడు తియ్యగా ఉంటుంది, అప్పుడు చేదవుతుంది. క్రెడిట్ రిపోర్ట్ తెప్పించలేదన్న వాక్యాన్ని మాత్రం కావాలనే ఉంచాను. లేకపోతే తమ స్కోరులో ఏదో లోపముందని వాళ్ళు నెలల తరబడి బెంగపడతారు.

అయిదు నిమిషాల్లో ఫోన్. మెయిల్ చూసిందని పేరు చూడగానే తెలిసింది. తీశాను.

"అక్కా, మెయిల్ చూశాను. ఎవరికిచ్చారక్కా? మనవాళ్ళకేనా?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని రియల్టర్ గారు ముందే చెప్పారు. అయినా చెమట పట్టింది. "వేరేవాళ్ళ వివరాలు చెప్పకూడదమ్మా. మీ వివరాలు వాళ్ళడిగినా చెప్పను. మీకంటే ముందు వాళ్ళది వచ్చింది, అంతే," అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. వెనక పాప ఏడుపు వినిపిస్తోంది. "పాప ఉందని కాదు కదా? మా అత్తయ్య ఆ రోజు పూల్ గురించి అడిగారు, మీరేమైనా అనుకున్నారేమోనని మా ఆయన అంటున్నారు."

"కాదమ్మా. మీది శనివారం వాళ్ళకంటే ముందొచ్చి, అన్నీ సరిపోయుంటే మీకే ఇచ్చేవాళ్ళం." ఆ మాట అనేటప్పుడు గొంతు తడబడలేదు. బుధవారం రాత్రి ఆ ప్రశ్నకి నాకు నేను జవాబు చెప్పుకుని ఉండకపోతే తడబడేది. ఆ ఉత్తరం ఆ రాత్రే వెళ్ళిపోయి ఉంటే, ఆ అమ్మాయి అనుమానపడ్డ కారణం నేనే రాసిచ్చి ఉండేదాన్ని.

"సరే అక్కా. ఆదివారం మీరు వేరే ఇళ్ళు చూడటం ఆపొద్దన్నారు కాబట్టి ఇంకోటి చూసి పెట్టుకున్నాం. దానికి ఇప్పుడే అప్లై చేస్తాం," అంది. ఎక్కువ మాట్లాడలేదు. నేనూ పొడిగించలేదు. ఫోన్లో కలిపిన ప్రతి అదనపు మాటా మెయిల్లో ఉన్నదానికి తేడాగా వినిపించే అవకాశం ఉంది. ఫోన్ పెట్టేశాక మేం ఏం మాట్లాడుకున్నామో తేదీ, టైముతో సహా రాసి పెట్టుకున్నాను.

ముగ్గురి అప్లికేషన్లు, సంతకం చేసిన షరతుల కాగితాలు, ఏది ఎన్నింటికి వచ్చిందో తెలిపే మెయిల్స్, కుర్రాడికి పంపిన నోటీసు, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి బీరువాలో తాళం వేశాను. ఇలాంటి విషయంలో ఎవరైనా ఫెడరల్ హౌసింగ్ శాఖ హెచ్‌యూడీకి ఫిర్యాదు చేయాలంటే ఏడాది, కోర్టుకెళ్ళాలంటే రెండేళ్ళు గడువుంటుంది. అందుకే రెండేళ్ళు దాటాకే తీస్తాను. క్రెడిట్ రిపోర్టుల్ని మామూలు చెత్తలో పడెయ్యకూడదు, ముక్కలు చేసే మెషీన్లో వెయ్యాలి.

మరుసటి సోమవారం ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "45 డాలర్లు వచ్చాయి అక్కా. ప్లేనోలో ఇల్లు ఖాయమైంది. ఒకటో తారీఖున దిగుతున్నాం."

మంచిది, శుభం అని జవాబిచ్చాను.